రెండో గుండిగ: ఫ్రిజ్‌లో పెట్టినా పాడైన మటన్ కూర

ఒక క్యాటరింగ్ వంటశాల యజమాని ఫోన్ చేసి, ముందు రోజు చేసిన గృహప్రవేశం భోజనాల తర్వాత కొంతమందికి విరేచనాలు పట్టుకున్నాయని చెప్పారు. ఆహార భద్రత మీద వంటశాలలకు శిక్షణ ఇవ్వడం, తేడా వచ్చినప్పుడు కారణం వెతకడం నా పని. ఆయన గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "మేడమ్, మా దగ్గర అన్నీ ఫ్రిజ్‌లోనే పెడతాం. తప్పు ఐస్‌క్రీమ్ వాళ్లదై ఉంటుంది" అన్నారు.

నేను వెళ్లేసరికి మిగిలిన కూర పారబోసి, గిన్నెలు తోమేశారు. పరీక్షకు పంపడానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి ఇక్కడ రాసేది ల్యాబ్ రిపోర్టు మీద ఆధారపడి చెప్పేది కాదు. ఎవరు ఏం తిన్నారు, ఎప్పుడు జబ్బుపడ్డారు, కూర ఆ రాత్రంతా ఎంత వేడిలో ఉంది అనే మూడు ప్రశ్నలకు దొరికిన జవాబుల మీద వచ్చిన నిర్ణయం.

ఎవరికి వచ్చింది

భోజనాలు మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలయ్యాయి. జబ్బుపడిన వాళ్లకు రాత్రి పది నుంచి తెల్లవారుజాము లోపల కడుపులో మెలిపెట్టే నొప్పి, తర్వాత నీళ్ల విరేచనాలు. వాంతులు దాదాపు ఎవరికీ లేవు, జ్వరం లేదు. మర్నాటి సాయంత్రానికి చాలామంది తేరుకున్నారు.

ఈ వరుసే సగం సంగతి చెప్పేసింది. తిన్న గంటా రెండు గంటల్లో వాంతులు మొదలైతే నేను అన్నం వైపో, చేత్తో కలిపిన స్వీట్ల వైపో చూసేదాన్ని. ఎనిమిది, పది గంటలు ఆగి, వాంతులు లేకుండా నొప్పి, విరేచనాలు వచ్చి, ఒక రోజులో తగ్గిపోతే మొదట గుర్తొచ్చేది క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా. పెద్ద గిన్నెల్లో వండి మెల్లగా చల్లారిన మాంసం కూరలంటే దానికి పండగ.

ఇంటివాళ్లు పెద్ద మనసుతో కూర్చుని జాబితా రాయించారు. శాకాహారుల్లో ఒక్కరికీ రాలేదు. ఐస్‌క్రీమ్ తిన్న పిల్లలకీ రాలేదు. మటన్ తిన్నవాళ్లలోనూ మొదటి, రెండో బంతుల్లో కూర్చున్నవాళ్లు బాగానే ఉన్నారు. జబ్బుపడినవాళ్లు ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ మూడో బంతి, నాలుగో బంతివాళ్లే.

కూర ఒక్కటే, వండినవాళ్లు ఒక్కరే. బంతి మారితే ఏం మారింది? వడ్డన కుర్రాణ్ణి అడిగితే తేలింది. మొదటి రెండు బంతులకు ఒక గుండిగ, తర్వాతి వాటికి రెండో గుండిగ.

ఆ రాత్రి ఏం జరిగింది

వంట మాస్టారికి అరవై దాటి ఉంటాయి. నన్ను కాస్త అనుమానంగానే చూశారు. "అమ్మా, ముప్పై ఏళ్లుగా వండుతున్నాను. ఒక్కడికీ కడుపు నొప్పి రాలేదు. వేడి కూర ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఆరేదాకా ఆగి మరీ పెట్టాను" అన్నారు.

ఆయన చెప్పిన క్రమం ఇది. ముందు రోజు సాయంత్రం ఏడు గంటలకు రెండు అల్యూమినియం గుండిగల్లో కూర దించారు. ఒక్కోదానిలో నలభై లీటర్లు, గ్రేవీ చిక్కగా, పైన నూనె తేలి. మూతలు పెట్టి నేలమీద ఉంచారు. రాత్రి పదకొండుకు రెండింటినీ ఎత్తి నాలుగు డోర్ల స్టీలు ఫ్రిజ్‌లో పెట్టారు. పొద్దున్న తొమ్మిదిన్నరకు బయటికి తీశారు. మొదటిదాన్ని పదింటికి పొయ్యి ఎక్కించి గంటన్నర సన్నటి మంట మీద మరిగించారు. రెండోదాన్ని మాత్రం మధ్యాహ్నం ఒకటిన్నరకు, జనం తోసుకొస్తుంటే పెద్ద మంట మీద పెట్టారు. అడుగున బుడగలు రాగానే బకెట్లలోకి తోడేశారు. ముక్క విరిగిపోతుందని గరిటె కూడా తిప్పలేదు.

ముప్పై ఏళ్ల మాట గురించి అడిగితే ఇంకో సంగతి బయటపడింది. పాతరోజుల్లో వాళ్లు తెల్లవారుజామున మూడింటికి లేచి వండేవారు, మధ్యాహ్నానికి వడ్డన అయిపోయేది. ఆ పెద్ద ఫ్రిజ్ కొన్నాకే ముందు రోజు సాయంత్రం వండిపెట్టుకోవడం అలవాటైంది. అంటే ఆయన అనుభవం అబద్ధం కాదు. ఆ ముప్పై ఏళ్లలో ఎక్కువ భాగం కూర చల్లార్చాల్సిన అవసరమే ఆయనకు రాలేదు.

అదే గుండిగ, అదే కూర, థర్మామీటరుతో

ఆయనతో వాదించడంకంటే కొలిచి చూపించడం నయమనిపించింది. వారం తర్వాత అదే గుండిగల్లో అంతే కూర వండించాం. ఈసారి తినడానికి కాదు, కొలవడానికి. థర్మామీటరు కమ్మీని ముందుగా ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచి సున్నా చూపిస్తోందని సరిచూసుకుని, కూర నడిమధ్యకు దించాను.

ఏడింటికి దించినప్పుడు 96 డిగ్రీల సెల్సియస్. తొమ్మిదింటికి 80. పదకొండింటికి, అంటే "ఆరింది" అని ఫ్రిజ్‌లో పెట్టే వేళకు, 68. మాస్టారు గుండిగ అంచు మీద చెయ్యి పెట్టి చూసి ఆరిందన్నారు. అంచు నిజంగానే ఆరింది, నడుమ ఆరలేదు. ఫ్రిజ్‌లోకి వెళ్లాక రాత్రి ఒంటిగంటకు 58, మూడింటికి 50, ఉదయం ఆరింటికి 41, తొమ్మిదిన్నరకు 32. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న కూర పొద్దున్న మనిషి ఒంటికంటే కాస్తే చల్లగా ఉంది.

వంటశాలల్లో ప్రమాద మండలం అని మేం చెప్పేది 60 డిగ్రీలకూ 5 డిగ్రీలకూ మధ్య ఉన్న మేర. అరవై పైన జబ్బు చేసే బ్యాక్టీరియా పెరగదు, ఐదు కింద చాలావాటికి పెరుగుదల బాగా మందగిస్తుంది. ఈ కూర అర్ధరాత్రి దాటాక అరవై కిందికి దిగింది. ఐదుకి కాదు కదా, ముప్పైకి కూడా చేరలేదు.

మాస్టారు నమ్మలేనిది ఒకటే: "బాగా మరిగింది కదమ్మా, పురుగు చావదా?" చస్తుంది, కానీ విత్తనం చావదు. పెర్‌ఫ్రింజెన్స్ గట్టి పెంకులాంటి స్పోరులుగా మారి మరుగుతున్న నీళ్లను కూడా తట్టుకుంటుంది. పైగా ఆ వేడే స్పోరును నిద్రలేపుతుంది. మరగడంవల్ల కూరలో కరిగి ఉన్న గాలి పోతుంది, పైన నూనె మూతలా కప్పేస్తుంది. గాలి గిట్టని ఈ బ్యాక్టీరియాకు అంతకంటే ఏం కావాలి? పోటీకి మిగతా క్రిములు కూడా పెద్దగా ఉండవు, అవి చాలావరకు మరుగులో చచ్చాయి.

దానికి బాగా నచ్చే వేడి 43 నుంచి 47 డిగ్రీలు. అక్కడ సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. గ్రాము కూరలో ఒక్కటి నిద్రలేచిందనుకున్నా, ఇరవై సార్లు రెట్టింపయితే పది లక్షలు దాటుతుంది. మనిషికి జబ్బు చేయడానికి కావలసింది ఆ స్థాయే. ఇరవై సార్లకు రెండొందల నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. నిద్రలేచి పెరగడం మొదలుపెట్టడానికి దానికీ కొంత సమయం పడుతుంది కాబట్టి ఈ లెక్క మరీ అక్షరాలా తీసుకోకూడదు. కానీ మన కూర నడిభాగం రాత్రి మూడు నుంచి ఆరు దాటేవరకు యాభైకీ నలభైకీ మధ్యే కూర్చుంది, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ముప్పైల్లో ఉంది. సమయం సరిపోలేదని అనడానికి లేదు.

ఇక బంతుల తేడా దానంతట అదే విడిపోయింది. రెండు గుండిగల్లోనూ క్రిమి పెరిగే ఉంటుంది. గంటన్నర మరిగిన మొదటిదానిలో అది చచ్చింది. ఈ క్రిమి విషాన్ని తయారుచేసేది ఎక్కువగా మన పేగుల్లోకి వెళ్లాక, కాబట్టి ముందే చంపితే బతికిపోతాం. అడుగున బుడగలొచ్చి నడుమ గోరువెచ్చగా మిగిలిన రెండో గుండిగలోది ప్రాణాలతోనే విస్తట్లోకి వెళ్లింది.

ఇది విని యజమాని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు: "అయితే మళ్లీ బాగా మరిగిస్తే చాలు కదా మేడమ్?" మటన్ విషయంలో ఆ రోజుకు అది నిజమే. కానీ అన్నం మీద పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా అలా కాదు. వాంతులు తెప్పించే విషాన్ని అది అన్నంలోనే వదిలిపెడుతుంది, ఆ విషం మరిగించినా పోదు. అందుకని వేడిచేయడాన్ని చల్లార్చడంలో తప్పుకి మందుగా ఒప్పుకోలేదు. రెండూ చేయాలి. వేడిచేస్తే కూర నడుమ 75 డిగ్రీలకు వచ్చి కనీసం రెండు నిమిషాలు అక్కడ ఉండాలి.

మొదటి మందు పనిచేయలేదు

మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ క్యాటరింగ్ తనిఖీ పట్టికలో చల్లార్చడానికి కొలత ఉంది: 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి ఇంకో రెండు గంటల్లో. అమెరికాలో మొదటి మెట్టు దాదాపు ఇంతే, రెండో మెట్టుకు మాత్రం నాలుగు గంటలిస్తారు. మొదటి మెట్టే కటువుగా ఉండడానికి కారణం పైన చెప్పిందే, క్రిమికి నచ్చే వేడి అంతా అందులోనే ఉంది.

లోతు తగ్గించాలని అందరికీ తెలుసు. ఎందుకు తగ్గించాలో తెలిస్తే ఎంత తగ్గించాలో తెలుస్తుంది. పల్చటి చారు తనంతట తాను కిందా పైనా తిరుగుతూ చల్లారుతుంది. చిక్కటి గ్రేవీ, పప్పు అలా తిరగవు. నడుమ వేడి ఒక్కో పొరా దాటుకుని అంచుకి రావాలి. అలాంటివాటిలో మందం సగం చేస్తే పట్టే సమయం సగం కాదు, సుమారు నాలుగో వంతు అవుతుంది. గుండిగలో కూర లోతు ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. మేం స్టీలు ట్రేలలో ఐదు సెంటీమీటర్లకు దించాం. ట్రే లోపల ఐదు సెంటీమీటర్ల దగ్గర మేకుతో గీత గీయించాను, ఎందుకంటే హడావిడిలో "ఇంకో గరిటె పడుతుందిలే" అనిపిస్తుంది. ఒక్కో ట్రేకి ఏడు లీటర్ల చిల్లర పట్టింది, మొత్తం పన్నెండు ట్రేలు.

పొయ్యి మీద నుంచి దించగానే ట్రేలలోకి తోడి, మూతల్లేకుండా స్టాండు మీద పెట్టి, ఈగలు వాలకుండా జాలీలు కప్పి ఫ్యాన్ వేశాం. ఆవిరి పోతుంటే వేడి చాలా త్వరగా దిగుతుంది, మూత పెడితే అదే ఆవిరి చుక్కలై వెనక్కి పడుతుంది. ముప్పై ఐదు నిమిషాల్లో అరవైకి వచ్చింది. అరవై పైన ఉన్నంతసేపు గడియారం మొదలవ్వదు, కాబట్టి ఇక్కడ బయట పెట్టడం తప్పు కాదు. "వేడి వేడిది ఫ్రిజ్‌లో పెట్టొద్దు" అన్న మాటలో ఉన్న నిజం ఇంతవరకే.

తర్వాత పన్నెండు ట్రేలూ ఫ్రిజ్‌లోకి తోసి, చోటు చాలక మూతలు పెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చాం. రెండు గంటల తర్వాత చూస్తే మధ్య ట్రేలో 38. ఫ్రిజ్ బయట అంకె 19 చూపిస్తోంది. పక్క అరలో ఉన్న పెరుగూ పనీరూ కూడా వెచ్చబడ్డాయి.

తప్పు నాదే, ముందే లెక్క వేసుకోవాల్సింది. నాలుగు ట్రేలు పేరిస్తే అది మళ్లీ ఇరవై సెంటీమీటర్ల ముద్దే. దానికి తోడు ఎనభై లీటర్ల కూర అరవై నుంచి ఇరవై ఒకటికి రావాలంటే బయటికి తీయాల్సిన వేడి ముప్పై ఐదు కిలోల ఐసు కరిగించేంత. ఆ ఫ్రిజ్ చల్లని వస్తువుల్ని చల్లగా ఉంచడానికి చేసింది. అంత వేడిని రెండు గంటల్లో లాగే శక్తి దాని కంప్రెసర్‌కి లేదు.

ఐసుతో

లెక్క ఐసు కరిగించేంత అని తేలింది కాబట్టి ఐసే తెప్పించాం. పాత్రలు కడిగే పెద్ద స్టీలు తొట్లను బాగా శుభ్రం చేసి, దంచిన ఐసు వేసి, దాని మీద నీళ్లు పోశాం. నీళ్లు ముఖ్యం. ఉత్త ఐసు ముక్కల మధ్య గాలి ఉంటుంది, అది ట్రేకి సరిగా అంటదు. నీళ్లయితే ట్రే అడుగంతా పట్టుకుంటాయి. ఆ నీళ్లు ట్రే అంచుకి రెండు వేళ్లు కిందే ఆగాలి, ఎందుకంటే చేపల మార్కెట్‌కు వెళ్లే ఐసు అది, ఒక్క చుక్క కూరలో పడకూడదు.

మొదటి ట్రేని అలాగే వదిలేస్తే ఒక తమాషా కనిపించింది. ఇరవై నిమిషాలకు అడుగున 20 డిగ్రీలు, పైన వేలు దూరంలో 50. అడుగున చల్లబడ్డ గ్రేవీ అక్కడే పడుకుంటుంది, వేడిది పైనే తేలుతుంది. కలపకపోతే ఐసు ఎంత ఉన్నా దండగ. మాస్టారు ముక్క విరుగుతుందన్నారు. ఆయన మాటా నిజమే. చివరికి గరిటె బదులు అట్లకాడతో అడుగునుంచి గీసి మెల్లగా పైకి తిరగేయడం ఆయనే కనిపెట్టారు. పది నిమిషాలకోసారి అలా చేస్తే అరవై నుంచి ఇరవై ఒకటికి యాభై ఐదు నిమిషాలు పట్టింది.

అక్కడ ఫ్రిజ్‌లోకి మార్చాం. ఈసారి అరకి ఒక్క వరస, ట్రేకీ ట్రేకీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ, మూతలు వదులుగా. అయినా ఐదుకి చేరడానికి రెండు గంటల నలభై నిమిషాలు. అమెరికా లెక్కలో పాస్, మన లెక్కలో ఫెయిల్. తర్వాతిసారి ఇరవై ఒకటి దగ్గర ఆపకుండా, ఇంకో అరగంట ఐసు మీదే ఉంచి పన్నెండుకి తెచ్చి అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాం. మిగతా పని ఫ్రిజ్ గంటా పావులో చేసింది. మొత్తం అరవై కిలోల ఐసు అయింది. ఏడింటికి దించిన కూర రాత్రి పదకొండు లోపలే నడుమ 5 డిగ్రీలు. ఇంతకుముందు అదే వేళకు 68 ఉండేది.

ఇంట్లో మూడు లీటర్ల కూరకి ఇంత తతంగం అక్కర్లేదు. సింకులో నీళ్లు పోసి ఫ్రీజర్‌లోని ఐసు ముక్కలన్నీ వేసి, గిన్నె దించి కలుపుతూ ఉంటే చాలు, తర్వాత రెండు వెడల్పు గిన్నెల్లోకి పంచుకోవచ్చు. సాంబారుకి ఇంకా సులువు. ముప్పై లీటర్లు చిక్కగా వండి, మిగతా పది లీటర్ల నీళ్లకు బదులు తాగే నీళ్లతో చేసిన పది కిలోల ఐసు చివర్లో వేస్తే, తొంభై నుంచి ఒక్కసారిగా నలభై ఏడు దరిదాపుల్లోకి పడిపోతుంది. ఆగిపోయేది సరిగ్గా క్రిమికి నచ్చే చోటే కాబట్టి వెంటనే ట్రేలలోకి, ఐసు మీదకి వెళ్లాలి.

పప్పు

మటన్ కుదిరాక యజమాని ముద్దపప్పు కూడా ముందు రోజే చేసేద్దామన్నారు. అవే ట్రేలు, అదే ఐదు సెంటీమీటర్లు, అదే ఐసు. మేం కలపడం మొదలుపెట్టేసరికే పైన తొక్క కట్టింది. అట్లకాడ పెడితే ముద్దలు ముద్దలుగా లేచింది, అడుగుదీ పైదీ కలవలేదు. అరవై నుంచి ఇరవై ఒకటికి రెండున్నర గంటలు పట్టింది, కొలత దాటిపోయింది. మూడు సెంటీమీటర్లకు తగ్గిస్తే గంటలో దిగింది. కానీ అప్పుడు అదే పప్పుకి ట్రేలు దాదాపు రెట్టింపు కావాలి. వాటికి తొట్లలో చోటు లేదు, ఫ్రిజ్‌లో అంతకంటే లేదు.

మాస్టారు ట్రేలన్నీ లెక్కపెట్టి, థర్మామీటరు తుడిచి పెట్టెలో పెట్టారు. "పప్పు పొద్దున్నే వండేద్దామమ్మా, గంట పని. నేను నాలుగింటికి వస్తాను" అన్నారు.